సెక్స్ థెరపీ: 'కొన్నాళ్లు కలయిక వద్దు'.. దంపతులకు డాక్టర్ ఈ మాట ఎందుకు చెబుతారు? సెన్సేట్ ఫోకస్ అంటే ఏంటి?

పెళ్లయి ఏడాది దాటింది. ఇంట్లో పెద్దవాళ్లు "ఏటమ్మా, విశేషం ఏటైనా ఉందా?" అని అడుగుతూనే ఉన్నారు. కానీ ఆ భార్యాభర్తల మధ్య అసలు కలయికే సరిగా జరగడం లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలీదు. చెబితే ఏమనుకుంటారోనని భయం. చివరికి ధైర్యం చేసి డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన మొదట చెప్పే మాట వింటే ఆశ్చర్యం వేస్తుంది. "కొన్ని వారాల పాటు మీరిద్దరూ కలయిక జోలికి వెళ్లొద్దు."

సమస్యే అది కదా, మళ్లీ వద్దంటారేంటి? సెక్స్ థెరపీలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ చికిత్సలో ఏం జరుగుతుంది? ఇంట్లో చేయమని చెప్పే సెన్సేట్ ఫోకస్ అభ్యాసాలేంటి? అవి పోయిన ధైర్యాన్ని ఎలా తిరిగి తెస్తాయి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దంపతులు ఎవరిని కలవాలి? వివరంగా చూద్దాం.

పడకగది పరీక్ష హాలుగా మారితే..

ముందు ఒక ఉదాహరణ. ఇది ఎవరి సొంత కథా కాదు. చికిత్స ఎలా నడుస్తుందో అర్థం కావడానికి, ఇలాంటి జంటల్లో మామూలుగా కనిపించే విషయాలతో అల్లింది.

చీపురుపల్లి దగ్గర ఓ పల్లె. భర్తకు 29 ఏళ్లు, భార్యకు 24. ఆయన విశాఖలో ఓ కంపెనీలో పని చేస్తూ రూమ్‌లో ఉంటాడు. శనివారం రాత్రి ఇంటికొచ్చి సోమవారం తెల్లవారుజామున మళ్లీ బయల్దేరతాడు. ఆమె అత్తమామలతో ఊళ్లోనే ఉంటుంది. పెళ్లైన కొత్తలో ఒక రాత్రి ఆయనకు అంగస్తంభన మధ్యలోనే తగ్గిపోయింది. ఆ రోజు ప్రయాణం అలసట ఉంది, పక్క గదిలో బంధువులున్నారు. అలాంటప్పుడు ఎవరికైనా జరిగేదే. కానీ ఆయన దాన్ని మామూలుగా తీసుకోలేదు.

తర్వాతి శనివారం బస్సులో కూర్చున్నప్పటి నుంచే "ఈరోజైనా అవుతుందా?" అన్న ఆలోచన. ఇంటికి చేరాక గుండె దడ. భార్య పక్కన ఉన్నా ఆయన ధ్యాస ఆమె మీద లేదు. తన శరీరం పనిచేస్తోందా లేదా అని చూసుకోవడం మీదే ఉంది. ఫలితం మళ్లీ అదే. ఇక శనివారం వస్తోందంటేనే పరీక్ష రాసినట్టు అయిపోయింది.

దీని వెనక శరీరం లెక్క ఒకటుంది. అంగస్తంభనకు అక్కడి రక్తనాళాలు వదులై, రక్తం నిండాలి. మనిషి ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆ పని సాఫీగా జరుగుతుంది. భయం వేస్తే అడ్రినలిన్ విడుదలవుతుంది. కుక్క తరిమితే పరిగెత్తడానికి పనికొచ్చే హార్మోన్ అది. అది రక్తనాళాలను బిగిస్తుంది, దాంతో స్తంభన తగ్గుతుంది. అంటే "ఫెయిల్ అవుతానేమో" అన్న భయమే ఫెయిల్ అయ్యేలా చేస్తోంది. గట్టిగా ప్రయత్నించే కొద్దీ ఇంకా బిగుస్తుంది.

మరి భార్య వైపు నుంచి చూస్తే? భర్త ముఖం తిప్పుకొని పడుకుంటే "నేనంటే ఇష్టం లేదేమో, వేరే ఎవరైనా ఉన్నారేమో" అనుకుంటుంది. ఆయన సిగ్గుతో మాట్లాడడు. ఈమె బాధతో అడగదు. కొన్నాళ్లకు ఒకరి చెయ్యి ఒకరికి తగలడం కూడా తగ్గిపోతుంది. ఎందుకంటే చిన్నగా తాకినా అది పరీక్షకు బెల్ కొట్టినట్టే అనిపిస్తుంది.

1970లో వచ్చిన ఆలోచన

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం మాస్టర్స్ అనే డాక్టర్, వర్జీనియా జాన్సన్ అనే పరిశోధకురాలు కలిసి ఇలాంటి జంటలకు చికిత్స చేశారు. కలయిక సమయంలో మనిషి తనను తానే పక్క నుంచి ప్రేక్షకుడిలా గమనించుకోవడమే చాలా సమస్యలకు మూలమని వాళ్లు గుర్తించారు. 1970లో ప్రచురించిన పుస్తకంలో సెన్సేట్ ఫోకస్ పద్ధతిని వివరించారు. తెలుగులో చెప్పాలంటే "స్పర్శ మీదే ధ్యాస".

వాళ్ల దగ్గర రెండు వారాల పాటు దాదాపు రోజూ చికిత్స నడిచేది. ఇప్పుడు ఎక్కువ చోట్ల వారానికో, రెండు వారాలకో ఒక సెషన్ ఉంటుంది. ఒక్కో సెషన్ సుమారు గంట. సెషన్‌లో మాటలు మాత్రమే. అభ్యాసాలన్నీ ఇంట్లో, దంపతులిద్దరే ఉన్నప్పుడు చేసుకోవాలి.

ఈ విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సెక్స్ థెరపిస్ట్ మిమ్మల్ని బట్టలు తీయమనరు. తన ముందు ఏదీ చేసి చూపించమనరు. శరీర పరీక్ష అవసరమైతే అది డాక్టర్ చేసే వేరే పని. దానికి కారణం చెప్పి, మీ అనుమతి తీసుకుని, ఇంకొకరి సమక్షంలో చేస్తారు. థెరపీ పేరుతో ఎవరైనా ఇంకోలా ప్రవర్తిస్తే అది చికిత్స కాదు. వెంటనే లేచి వచ్చేయండి.

మొదటి సెషన్‌లో ఏం అడుగుతారు?

మన ఉదాహరణలోని జంట దగ్గరికి వద్దాం. మొదట ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు. తర్వాత విడివిడిగా మాట్లాడతారు. భర్త ముందు భార్య, భార్య ముందు భర్త చెప్పలేని మాటలుంటాయి. పాత అనుభవాలు, భయాలు, నొప్పి, బలవంతం లాంటివి ఏమైనా ఉంటే ఇక్కడే బయటికొస్తాయి.

భర్తను అడిగే ప్రశ్నల్లో ఒకటి చాలా కీలకం. "ఉదయం నిద్ర లేచేసరికి స్తంభన ఉంటుందా?" ఆయన ఉంటుందన్నాడు. విశాఖలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇబ్బంది లేదన్నాడు. అంటే రక్తనాళాలు, నరాలు చాలా వరకు బాగానే పనిచేస్తున్నాయి, ఒక సందర్భంలో మాత్రమే ఇబ్బంది వస్తోందని దానర్థం.

అదే ఏ వేళలోనూ స్తంభన లేకపోయినా, నెమ్మదిగా నెలల తరబడి తగ్గుతూ వచ్చినా లెక్క వేరు. అప్పుడు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, ఉదయం పూట టెస్టోస్టిరాన్ పరీక్షలు చేయిస్తారు. వాడుతున్న మందులు, మద్యం, పొగ అలవాట్లు చూస్తారు. కొందరిలో గుండె రక్తనాళాల జబ్బు బయటపడకముందే ఈ లక్షణం కనిపిస్తుంది. అందుకే నలభై దాటినవాళ్లు దీన్ని సిగ్గుతో దాచుకోకూడదు.

భార్యకు కూడా ప్రశ్నలుంటాయి. నొప్పి ఉందా? దగ్గరికి రాగానే కండరాలు వాటంతటవే బిగుసుకుంటున్నాయా? అలా ఉంటే దాన్ని వెజైనిస్మస్ అంటారు. ఆమె కావాలని చేసేది కాదు. దానికి ముందు గైనకాలజిస్ట్ చూడాలి. చికిత్సలో అదనపు మెట్లు కూడా ఉంటాయి.

మూడోసారి ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టి, ఏం జరుగుతోందో మామూలు మాటల్లో చెబుతారు. "తప్పు మీదీ కాదు, ఆవిడదీ కాదు. మీ ఇద్దరి మధ్య భయం ఒకటి వచ్చి కూర్చుంది." ఈ ఒక్క మాటతోనే చాలామందికి సగం బరువు దిగుతుంది. ఆ తర్వాతే నియమం చెబుతారు. మేం చెప్పే వరకు కలయిక వద్దు.

వద్దు అంటే ఏం మారుతుంది?

పరీక్షే రద్దయితే ఫెయిల్ అవడం ఎక్కడుంది? అదీ లెక్క. ఆ శనివారం ఆయన బస్సెక్కినప్పుడు "ఈరోజు అవుతుందా?" అన్న ప్రశ్నకు చోటే లేదు. అవ్వాల్సిన పని ఏదీ లేదు. ఆమెకూ "మళ్లీ ముఖం తిప్పుకుంటాడేమో" అన్న దిగులు లేదు.

మొదటి మెట్టు ఇలా ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి అరగంట నుంచి గంట లోపు సమయం పెట్టుకోవాలి. ఒకరు తాకుతారు, ఇంకొకరు ఊరికే పడుకుంటారు. సగం సమయం అయ్యాక మారతారు. జుట్టు, ముఖం, చేతులు, వీపు, కాళ్లు.. ఎక్కడైనా సరే. రొమ్ములు, జననాంగాలు మాత్రం ఈ దశలో వద్దు. సిగ్గుగా ఉంటే బట్టలతోనే మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఇది మసాజ్ కాదు. ఎదుటివాళ్లను సంతోషపెట్టాలి, ఉద్రేకం తెప్పించాలి అని తాకకూడదు. తాకేవాళ్లు తమ కోసమే తాకాలి. చర్మం వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? నునుపా, గరుకా? గట్టిగా ఆనించితే ఎలా ఉంది, మెల్లగా ఆనించితే ఎలా ఉంది? ఈ మూడింటి మీదే ధ్యాస. మనసు వేరే ఆలోచనల్లోకి జారితే తిట్టుకోకుండా మళ్లీ వేళ్ల కిందికి తీసుకురావాలి. పడుకున్నవాళ్లకు ఒకే పని. ఇబ్బందిగా ఉంటే చెప్పాలి, లేదా ఆ చేతిని పట్టుకుని పక్కకు జరపాలి. "బాగుందా?" అని మాటిమాటికీ అడగకూడదు. ఆ ప్రశ్న వచ్చిందంటే మళ్లీ మార్కులు మొదలైనట్టే.

సంతోషాన్నీ ఉద్రేకాన్నీ కావాలనుకున్నప్పుడు తెప్పించుకోలేం. ధ్యాస ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది. సెన్సేట్ ఫోకస్ మొత్తం ఈ తేడా మీదే నిలబడింది.

పల్లెటూరి ఇంట్లో ఇది కుదురుతుందా?

థెరపిస్ట్‌తో ఈ జంట మొదట చెప్పిందీ అదే. ఇంట్లో రెండే గదులు. తలుపు వేస్తే అత్తమామలకు తెలుస్తుంది. పైగా శనివారం రాత్రి ఆయన వచ్చేసరికి పదవుతుంది, నిద్ర ముంచుకొస్తుంది.

అందుకే ముందు టైమ్ మార్చారు. శనివారం రాత్రి ఏమీ వద్దు, భోంచేసి పడుకోండి అన్నారు. ఆదివారం మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసే వేళ ఒకసారి, రాత్రి ఒకసారి. తలుపు గొళ్లెం, ఫ్యాన్ చప్పుడు, ఫోన్ సైలెంట్. గంట దొరక్కపోతే ఇరవై నిమిషాలు చాలు. వారం మధ్యలో ఫోన్‌లో ఈ విషయం మాట్లాడుకోవద్దని కూడా చెప్పారు. లేదంటే వారమంతా దాని గురించే ఆలోచన.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

మొదటి ఆదివారం ఎనిమిది నిమిషాలకే ఆపేశారు. ఆయనకు "ఏమైనా అనిపిస్తోందా?" అని మనసు లోపల్నుంచి అడుగుతూనే ఉంది. ఆమెకు చక్కిలిగింతలు వచ్చాయి. సెషన్‌లో ఈ విషయం చెబితే థెరపిస్ట్ ఇది ఫెయిల్యూర్ కాదన్నారు. చక్కిలిగింత వస్తే వేళ్ల కొసలతో కాకుండా అరచేయి మొత్తం ఆనించమన్నారు. లేదంటే ఆమే ఆయన చేతి మీద తన చెయ్యి వేసి నడిపించొచ్చు.

మూడో వారం అసలు ఘట్టం. ఏమీ ఆశించకుండా పడుకున్న ఆయనకు స్తంభన దానంతటదే వచ్చింది. ఇద్దరికీ సంతోషం. "వచ్చింది కదా, ఇప్పుడే అయిపోనిద్దాం" అని నియమం పక్కన పెట్టారు. అంతే, పరీక్ష మళ్లీ మొదలైంది. నిమిషాల్లో స్తంభన పోయింది. తర్వాతి సెషన్‌కు తలవంచుకుని వచ్చారు.

ఇది చాలా జంటల్లో జరిగేదే. థెరపిస్ట్ కోప్పడలేదు. "మీ శరీరం ఎప్పుడు పనిచేస్తోందో, ఎప్పుడు ఆగిపోతోందో ఒకే మధ్యాహ్నం మీరే చూశారు. అడగనప్పుడు వచ్చింది, అడిగితే పోయింది" అన్నారు. మళ్లీ మొదటి మెట్టుకు పంపారు.

దీనికి వ్యతిరేకమైన తప్పు ఇంకొకటి. రెండు మూడు వారాలు "టైమ్ దొరకలేదు" అని రావడం. చుట్టాలొచ్చారు, తలనొప్పి, పని. నిజమే కావొచ్చు. కానీ ప్రతిసారీ అదే జవాబైతే లోపల భయమో, కోపమో ఉందని థెరపిస్ట్ అనుమానిస్తారు. అప్పుడు అభ్యాసాలు ఆపి ఆ కోపం గురించి మాట్లాడిస్తారు. మనసులో పగ పెట్టుకున్న చేతులతో స్పర్శ అభ్యాసం పనిచేయదు.

తర్వాతి మెట్లు

మొదటి మెట్టు ఇద్దరికీ విసుగు, భయం లేకుండా సాగుతోందనిపించాకే రెండోది. ఇందులో రొమ్ములు, జననాంగాలను కూడా కలుపుతారు. కానీ వాటిమీదే ఆగిపోకూడదు. వీపు, చెయ్యి లాగే అవీ శరీరంలో ఒక భాగం. ఉద్రేకం తెప్పించడం ఇప్పటికీ లక్ష్యం కాదు.

ఈ దశలోనే మన ఉదాహరణలోని భర్తకు ఒక ప్రత్యేక అభ్యాసం ఇచ్చారు. స్తంభన వస్తే కావాలనే ఆగిపోవాలి. అది తగ్గే వరకు ఊరికే ఉండాలి. తర్వాత మళ్లీ స్పర్శ మొదలుపెట్టాలి. తగ్గింది మళ్లీ వస్తుంది. ఇలా రెండు మూడు సార్లు. ఆయన్ని అన్నాళ్లూ వణికించింది "తగ్గితే ఇక అంతే" అన్న నమ్మకం. తగ్గినా తిరిగొస్తుందని కళ్లారా చూశాక ఆ నమ్మకం కూలిపోయింది. పోయిన ధైర్యం వెనక్కి వచ్చేది ఇలాంటి చోటే. "మీకేం కాదు" అని వందసార్లు చెప్పినా రానిది ఒక్క అనుభవంతో వస్తుంది.

మూడో మెట్టులో ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు తాకుతారు. ఆ తర్వాత శరీరాలు దగ్గరగా ఆనించడం, ప్రవేశం మాత్రం ఉండదు. ఆపైన ప్రవేశం ఉంటుంది, కానీ కదలిక లేకుండా కాసేపు అలాగే ఉండి ఆ స్పర్శను గమనించడం. చివరికి మెల్లగా కదలిక. ఏ మెట్టులో ఆందోళన తిరిగొచ్చినా ఒక మెట్టు కిందికి దిగాలి. దిగడం ఓటమి కాదు, పద్ధతిలో భాగం. భార్యకు నొప్పి సమస్య ఉంటే ప్రవేశం ఎప్పుడు, ఎంత అన్నది పూర్తిగా ఆమె చేతిలోనే ఉండాలి.

మొత్తం ఎన్నాళ్లు పడుతుందన్నది జంటను బట్టి మారుతుంది. చాలావరకు ఇది నెలల లెక్కే.

ఎవరికి సరిపడదు?

ఇంట్లో కొట్టడం, బలవంతం ఉంటే ఈ చికిత్స మొదలుపెట్టరు. ముందు ఆమె భద్రత చూస్తారు. ఇద్దరిలో ఒకరికి అసలు ఇష్టం లేకపోయినా, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నా, ముందు వాటి సంగతి తేల్చాలి. షుగర్ వల్ల నరాలు, రక్తనాళాలు దెబ్బతిన్నవారికి అభ్యాసాలు ఒక్కటే చాలవు, మందులు కూడా కావాలి.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. స్తంభన కోసం వాడే సిల్డెనఫిల్ లాంటి మాత్రలను మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు. గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు దీన్ని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

బస్టాండ్ గోడల మీద, రైల్వే ట్రాక్‌ల పక్కన కనిపించే "నరాల బలహీనత, గ్యారంటీ వైద్యం" రాతల సంగతీ తెలుసుకోవాలి. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. వీర్యం పోతే బలం పోతుందన్న భయాన్ని కూడా వీళ్లు సొమ్ము చేసుకుంటారు. నిజానికి ఈ భయాన్నే 'ధాత్ సిండ్రోమ్' అంటారు. 1960లో మన దేశానికే చెందిన సైకియాట్రిస్ట్ ఎన్.ఎన్. విగ్ ఆ పేరు పెట్టారు. వీర్యం పోవడం వల్ల బలం తగ్గదు, భయం వల్ల మనిషి నీరసించిపోతాడు.

ఉత్తరాంధ్రలో ఎవరిని కలవాలి?

"సెక్స్ స్పెషలిస్ట్" బోర్డు కోసం వెతకాల్సిన పని లేదు. శ్రీకాకుళం, విజయనగరంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఓపీ చీటీ తీసుకుని సైకియాట్రిస్ట్‌ను అడగొచ్చు. నొప్పి సమస్య అయితే గైనకాలజీ నుంచి, శారీరక కారణం అనిపిస్తే జనరల్ మెడిసిన్ లేదా యూరాలజీ నుంచి మొదలుపెట్టొచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బయటికి వెళ్లడానికి ధైర్యం చాలకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉచిత హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాక్టర్ ముందు ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ ఒక్క వాక్యం చాలు. "మా ఇద్దరికీ కలయికలో ఇబ్బంది ఉంది, దాని గురించి మాట్లాడాలి." మిగతాది వాళ్లే అడుగుతారు. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి.

చివరికి ఆ జంట ఏమైంది?

మన ఉదాహరణలోని జంట మూడు నెలలకు పైనే అభ్యాసాలు చేసింది. కలయిక మొదలైంది. అయితే థెరపిస్ట్ చికిత్స పూర్తయిందని అనుకున్నది ఆ రోజు కాదు. తర్వాత ఒక ఆదివారం రాత్రి మధ్యలో మళ్లీ స్తంభన తగ్గిపోయింది. ఆయన ముఖం తిప్పుకోలేదు. ఆమె ఏడవలేదు. "ఈరోజుకి ఇంతే" అనుకుని, కాసేపు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ పడుకున్నారు. తర్వాతి శనివారం ఆయన బస్సులో నిద్రపోతూ వచ్చాడు.

ఆ సంగతి విన్నాకే థెరపిస్ట్ తర్వాతి అపాయింట్‌మెంట్ రాయలేదు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. సమస్య ఉంటే సొంతంగా మందులు వాడకుండా అర్హత ఉన్న డాక్టర్‌ను సంప్రదించండి.